ఎకో నార్మల్ వచ్చింది కదా, పరుగు ఎందుకు వద్దంటున్నారు?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 21 ఏళ్లు. అనంతపురంలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. కాలేజీ తరఫున 1500 మీటర్లు పరిగెత్తుతాడు. సెప్టెంబర్ మొదటివారంలో మూడు రోజులు జ్వరం, విరేచనాలు వచ్చాయి. తగ్గగానే గ్రౌండుకు వెళ్లాడు. ఇంకో నాలుగు రోజులకు రాత్రిపూట ఛాతీలో నొప్పి మొదలైంది. ట్రోపోనిన్ ఎక్కువగా ఉందని, గుండెపోటేమోనని యాంజియోగ్రామ్ చేశారు. బ్లాకులు లేవు. వైరల్ మయోకార్డైటిస్, అంటే వైరస్ వల్ల గుండె కండరానికి వాపు అని చెప్పి ఆరు రోజులు ఉంచుకుని పంపారు. అప్పుడు ఈఎఫ్ 48 ఉండింది, పోయిన వారం ఎకోలో 60 వచ్చింది. ఇప్పుడు నొప్పి లేదు, ఆయాసం లేదు. అయినా ఆరు నెలలు పరిగెత్తొద్దన్నారు. కోచ్ సార్ ‘రిపోర్టు నార్మలే కదా, మెల్లగా మొదలుపెట్టు’ అంటున్నారు. డిసెంబర్ ఆఖరులో యూనివర్సిటీ సెలెక్షన్లు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా అమ్మేమో కరోనా టీకా వల్లే ఇలా అయిందంటుంది. నిజంగా ఆరు నెలలు ఆగాలా?
— ఒక అక్క, అనంతపురం

సమాధానం:

డిసెంబర్ సెలెక్షన్లు వదులుకోవాల్సిందేనమ్మా. ఆరు నెలలా, మూడు నెలలా అన్నదాని మీద మీ కార్డియాలజిస్టుతో మాట్లాడుకోవచ్చు. అది తేల్చడానికి పరీక్షలున్నాయి, వాటి సంగతి కింద రాస్తాను. కానీ జబ్బు మొదలై రెండు నెలలు కూడా నిండకముందే గ్రౌండులో దిగడం ఏ లెక్కన చూసినా కుదరదు. మీ కోచ్ సార్‌ను తప్పుపట్టడం లేదు. ఆయన చేతిలో ఉన్న కాగితం నిజంగానే నార్మల్. కాకపోతే ఆయన అడుగుతున్న ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు.

ఎకోలో చూసే ఈఎఫ్ అంటే, ఎడమ జఠరికలో నిండిన రక్తంలో గుండె కొట్టుకున్న ప్రతిసారీ నూటికి ఎంత బయటికి నెడుతోందన్న లెక్క. 55 నుంచి 70 మధ్య ఉంటే బాగున్నట్టు. మీ తమ్ముడిది 48 నుంచి 60కి వచ్చిందంటే పంపు చేసే బలం తిరిగొచ్చింది, సంతోషమే. అయితే అది గుండె మొత్తానికి కలిపి వచ్చే అంకె. గోడలో ఎక్కడో గోరంత మేర వాపు మిగిలున్నా, మచ్చ పడుతున్నా, చుట్టూ ఉన్న ఆరోగ్యమైన కండరం ఆ లోటును పూడ్చేస్తుంది, అంకె 60 చూపిస్తుంది. మయోకార్డైటిస్‌లో దెబ్బ చాలాసార్లు ఎడమ జఠరిక పక్క గోడలో, అదీ బయటి పొరలో పడుతుంది. గుండెపోటులో ఇందుకు తలకిందులు, లోపలి పొర నుంచి మొదలవుతుంది. బయటి పొరలో చిన్న మచ్చను ఎకో పట్టుకోవడం కష్టం. ఆటగాళ్లను ఈ జబ్బు తర్వాత పడగొట్టేది పంపు బలం తగ్గడం కన్నా, గుండెను కొట్టించే కరెంటులో ఆ చిన్న చోటు నుంచి పుట్టే గందరగోళమే.

అసలు లోపల ఏం జరిగిందో మీ తమ్ముడి రోజుల లెక్కతోనే చెబుతాను. ఆ మూడు రోజుల జ్వరం, విరేచనాలు వైరస్ ఒంట్లోకి వచ్చిన దశ. ఏ వైరస్ అన్నది ఇలాంటి కేసుల్లో చాలావరకు తేలదు. మామూలుగా అనుమానించే వాటిలో కాక్సాకీ బి రకం ఒకటి. శుభ్రంగా లేని చేతులు, నీళ్లు, తిండి ద్వారా పేగుల్లోకి చేరుతుంది. ఎడినో వైరస్, పార్వో బి19, ఫ్లూ, కోవిడ్, మన దగ్గర డెంగీ, చికున్‌గున్యా కూడా ఈ పని చేయగలవు. వీటిలో ఏదొచ్చినా నూటికి తొంభై మందికి పైగా జ్వరంతోనే సరిపోతుంది, గుండె జోలికి పోదు. కొందరికే ఎందుకు పోతుందన్నదానికి కొంత జన్యువుల పాత్ర ఉంది. మీ ఇంట్లోగానీ, మేనమామలు, మేనత్తల వైపుగానీ నలభై లోపు వయసులో ఉన్నట్టుండి కుప్పకూలి పోయినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ మాట కార్డియాలజిస్టుకు తప్పకుండా చెప్పండి. కుటుంబంలో వచ్చే కొన్ని గుండె కండరం జబ్బులు మొదటిసారి మయోకార్డైటిస్ వేషంలోనే బయటపడతాయి.

కాక్సాకీ లాంటి వైరస్ గుండె కణంలోకి దూరి, తన కాపీలు చేసుకుంటూ, ఆ కణం ఆకారాన్ని పట్టి ఉంచే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. ఇది మొదటి కొన్ని రోజుల నష్టం. ఆ తర్వాత మన రోగనిరోధక కణాలు అక్కడికి చేరతాయి. వైరస్ ఉన్న కణాలను చంపడం వాటి పని, కానీ ఆ హడావుడిలో పక్కనున్న మంచి కణాలకూ దెబ్బ తగులుతుంది. జ్వరం తగ్గాక కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు ఛాతీనొప్పి రావడం ఈ దశలోనే. మీ తమ్ముడికీ జ్వరం తగ్గిన నాలుగైదు రోజులకే వచ్చింది. చచ్చిన కణాల నుంచి ట్రోపోనిన్ రక్తంలోకి కారుతుంది. అందుకే రిపోర్టు అచ్చం గుండెపోటులా కనిపించింది, యాంజియోగ్రామ్ చేసి చూడాల్సి వచ్చింది. ఆ పరీక్ష అనవసరంగా చేశారని అనుకోకండి. 21 ఏళ్లకైనా ఛాతీనొప్పి, ట్రోపోనిన్, ఈసీజీలో మార్పులు కలిసి వస్తే రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయని తేల్చుకోవాల్సిందే.

వాపు దశ తర్వాత మానే దశ. ఇదే నెలల తరబడి నడుస్తుంది, ఇప్పుడు మీ తమ్ముడు ఉన్నది ఇక్కడే. బయటికి ఏ బాధా ఉండదు. లోపల వాపు నీరు లాగేస్తూ ఉంటుంది, చచ్చిన కణాల చోట మచ్చ కట్టుకుంటూ ఉంటుంది. గుండె కణాలు కొత్తవి దాదాపు పుట్టవు కాబట్టి పోయినచోట మిగిలేది మచ్చే. ఈ జబ్బు వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి రెండు నుంచి నాలుగు వారాల్లో గుండె పనితీరు సర్దుకుంటుంది. మరికొందరికి బలహీనత అలాగే ఉండిపోతుంది, కొద్దిమందికి గుండె సాగిపోయి జబ్బు ముదురుతుంది. మీ తమ్ముడు మొదటి గుంపులోనే ఉన్నట్టు కనిపిస్తున్నాడు. ఆ గుంపులోనే ఉండిపోవాలని ఈ జాగ్రత్తంతా.

ఇక పరుగు దగ్గరికి వద్దాం.

వాచిన కండరంలోగానీ, మచ్చ అంచుల్లోగానీ కరెంటు మిగతాచోట్ల పోయినంత వేగంగా పోదు. కాలువలో పారే నీళ్లు మధ్యలో రాయి అడ్డొస్తే దాని చుట్టూ సుడి తిరిగినట్టు, కరెంటు తరంగం ఆ చోటు చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఒక్కసారి సుడి నిలబడితే గుండె నిమిషానికి రెండు వందలకు పైగా కొట్టుకుంటుంది, లేదా కొట్టుకోవడం మానేసి ఉత్తిగా వణుకుతుంది. మెదడుకు రక్తం అందదు, మనిషి కొన్ని క్షణాల్లో పడిపోతాడు. కూర్చున్నప్పుడు 60 దగ్గర నడిచే గుండెలో ఈ సుడి పుట్టే అవకాశం తక్కువ. 1500 మీటర్ల ఆఖరి రౌండులో గుండె 190 దాటి కొట్టుకుంటుంది, ఒళ్లంతా అడ్రినలిన్ నిండి ఉంటుంది, గోడల మీద ఒత్తిడి పెరుగుతుంది, చెమటతో పొటాషియం లాంటి లవణాల లెక్క మారుతుంది. సుడి పుట్టడానికి కావలసినవన్నీ ఒక్కచోట కలుస్తాయి. ముందుగా ఏ హెచ్చరికా లేకుండా, మొదటి లక్షణమే పడిపోవడం అయినవాళ్లు ఉన్నారు. అందుకే ‘నాకేం బాగానే ఉంది’ అన్న మాటకు ఈ జబ్బులో అంత విలువ ఇవ్వలేం.

రెండో కారణం వైరస్ ఇంకా ఒంట్లో ఉన్న రోజులకు సంబంధించింది. 1970లో ఒక ప్రయోగం చేశారు. చిన్న ఎలుకలకు కాక్సాకీ బి3 వైరస్ ఎక్కించి, కొన్నిటిని నీళ్లలో బలవంతంగా ఈదించారు. ఈదిన ఎలుకల గుండెల్లో వైరస్ ఐదు వందల రెట్లకు పైగా పెరిగింది, చాలా ఎక్కువగా చనిపోయాయి కూడా. ఎలుక మనిషి కాదు, నిజమే. అలాంటి ప్రయోగం మనుషుల మీద ఎవరూ చేయరు, చేయకూడదు. కానీ తర్వాత వచ్చిన సలహాలన్నిటికీ పునాదుల్లో ఇదొకటి. మన దగ్గర ఒక మాట వాడుకలో ఉంది చూశారా, ‘ఒళ్లు కాలుతుంటే రెండు రౌండ్లు పరిగెత్తు, చెమటపట్టి జ్వరం దిగిపోతుంది’ అని. గ్రౌండుల్లో సీనియర్లు జూనియర్లకు ఇది మంత్రంలా చెబుతారు. ఇంతకంటే చెడ్డ సలహా నేను వినలేదు. జ్వరం, ఒళ్లునొప్పులు, విరేచనాలు ఉన్న రోజుల్లో గట్టి కసరత్తు చేయకూడదు, తగ్గాక కూడా కొన్ని రోజులు నెమ్మదిగానే ఉండాలి. మీ తమ్ముడు జ్వరం దిగీ దిగకముందే గ్రౌండుకు వెళ్లడం వల్లే ఈ జబ్బు వచ్చిందని మాత్రం నేననను. వెళ్లకపోయినా వచ్చేదేమో. ఆ విషయం పట్టుకుని ఇంట్లో ఆ పిల్లాడిని ఇంకా దెప్పకండి.

మీ అమ్మగారి అనుమానానికి రెండు ముక్కలు. కరోనా టీకాతో మయోకార్డైటిస్ రావడమన్నది నిజంగా ఉన్న విషయమే, అరుదుగా, ముఖ్యంగా కుర్రాళ్లలో కనిపించింది. ఫైజర్, మోడర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాలతో, అదీ ఎక్కువగా రెండో డోసు తర్వాత వారం లోపు. మన దగ్గర దాదాపు అందరికీ వేసింది కోవిషీల్డ్, కోవాక్సిన్. అవి ఆ రకం కావు. పైగా ఎన్నో ఏళ్ల కిందట వేసుకున్న టీకా, మొన్న సెప్టెంబర్ జ్వరం తర్వాత పది రోజుల లోపు గుండె వాపు తెచ్చిందనడానికి ఆధారం లేదు. అమ్మగారిని ఈ విషయంలో కుదుటపడమనండి.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. విశ్రాంతి కాలాన్ని జబ్బు మొదలైన రోజు నుంచి లెక్కపెడతారు, డిశ్చార్జ్ నుంచి కాదు. అమెరికా, యూరప్ గుండె వైద్యుల సంఘాల మార్గదర్శకాల్లో చాలాకాలంగా ఉన్న మాట మూడు నుంచి ఆరు నెలలు. ఈమధ్య మాత్రం అందరికీ ఒకే గడువు పెట్టకుండా, పరీక్షల్లో ఏం కనిపించిందో చూసి మనిషికి తగ్గట్టు నిర్ణయించాలనే ఆలోచన బలపడుతోంది. మీ వాడి విషయంలో కనీసం మూడు నెలలంటే డిసెంబర్ మొదటివారం. అప్పుడు పరీక్షలన్నీ చేయించి, అన్నీ బాగుంటేనే మెల్లగా మొదలుపెట్టడం. మూడు నెలలు ఆగిన ఒంటికి రేసు వేగం అందుకోవడానికి కనీసం ఇంకో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే జనవరి నడిమి. డిసెంబర్ ఆఖరు సెలెక్షన్లు అతి మంచి లెక్కలో కూడా అందవు. ఆరు నెలలైతే మార్చి. కాబట్టి ఈ ఒక్క మీట్ కోసం డాక్టర్‌తో బేరాలాడకండి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ‘ఆరు నెలలు అని ఎందుకు చెప్పారు, ఎంఆర్ఐ చేశారా, అందులో ఏమైనా మచ్చ కనిపించిందా?’ ఈఎఫ్ మొదట్లో తగ్గి ఉండటం వల్లా? ఈసీజీలో, మానిటర్‌లో గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకోవడం కనిపించడం వల్లా? జవాబును బట్టి గడువు అర్థమవుతుంది.

గుండె ఎంఆర్ఐ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. వాపు నీరు ఎక్కడుందో, మచ్చ ఎక్కడుందో చూపించేది ఇదే. ముప్పావు గంట, గంట ఆ సొరంగం లోపల కదలకుండా పడుకోవాలి. టెక్నీషియన్ చెప్పినప్పుడల్లా ఊపిరి బిగబట్టాలి. మధ్యలో నరంలోకి గడోలినియం అనే మందు ఎక్కిస్తారు. పది, పదిహేను నిమిషాల తర్వాత తీసే బొమ్మల్లో దెబ్బతిన్న చోటు తెల్లగా మెరుస్తుంది. ముందుగా కిడ్నీల క్రియాటినిన్ చూస్తారు. ఈ పరీక్ష ప్రతి స్కానింగ్ సెంటర్లో చేయరు. మామూలు ఎంఆర్ఐ మిషన్ ఉంటే చాలదు, గుండెకు వాడే సాఫ్ట్‌వేర్, చదవగలిగిన రేడియాలజిస్టు కావాలి. అనంతపురం నుంచి చాలామంది దీనికి బెంగళూరు వెళ్తారు. డబ్బు ఇబ్బంది ఉంటే పుట్టపర్తిలోని సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె వైద్యం ఉచితం, అక్కడి ఓపీలో సలహా తీసుకోవచ్చు. మొదటి వారాల్లో ఎంఆర్ఐ చేసి ఉంటే ఆ సీడీ దాచుకోండి. ఇప్పుడు చేసేదాన్ని దానితో పోల్చి చూస్తేనే వాపు తగ్గిందా, మచ్చగా మిగిలిందా తెలుస్తుంది.

మూడో నెల దాటాక చేయించాల్సినవి ఇవి: ట్రోపోనిన్, సీఆర్‌పీ రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో, ఎంఆర్ఐ, 24 గంటలు ఒంటికి తగిలించి గుండె లయను నమోదు చేసే హోల్టర్, ట్రెడ్‌మిల్. చివరి రెండింటిలో ఆటగాళ్ల విషయంలో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షను మామూలు మనుషులకు చాలాచోట్ల వయసును బట్టి వేసే గరిష్ఠ హార్ట్ రేటులో 85 శాతం రాగానే ఆపేస్తారు. మీ తమ్ముడి వయసుకు 220లో 21 తీసేస్తే 199, దానిలో 85 శాతం 169. వాడు గ్రౌండులో వార్మప్ అయ్యాక తేలిగ్గా అందుకునే రేటు అది. రేసులో 190 దాటే గుండెను 169 దగ్గర ఆపి ‘నెగెటివ్’ అని రాసిస్తే మనం పరీక్షించాల్సిన చోటు మిగిలిపోయినట్టే. ‘సార్, వీడు రన్నర్, ఇక చాలు అనేదాకా పరిగెత్తనివ్వండి’ అని ముందే చెప్పండి. బీటా బ్లాకర్ మాత్ర వాడుతుంటే గుండె వేగం పెరగదు కాబట్టి, దాన్ని ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగండి, సొంతంగా ఆపొద్దు. ఇక హోల్టర్ తగిలించుకుని రోజంతా మంచం మీద పడుకుంటే లాభం లేదు. ఆ పూటకు డాక్టర్ ఒప్పుకున్నంత వేగంతో నడక, మెట్లు ఉండాలి. ఏ టైముకు ఏం చేశాడో ఒక కాగితం మీద రాసుకోవాలి.

అన్నీ శుభ్రంగా వస్తే మూడో నెల తర్వాతే అనుమతించే డాక్టర్లు ఉన్నారు, ఆరో నెల దాకా ఆపేవాళ్లూ ఉన్నారు. ఈఎఫ్ తగ్గి, ట్రోపోనిన్ బాగా పెరిగిన కేసులో నేను ఆరు వైపే మొగ్గుతాను. ఎంఆర్ఐలో మచ్చ మిగిలితే? పక్క గోడ బయటి పొరలో చిన్న గీతలా ఉండి, ట్రెడ్‌మిల్, హోల్టర్ రెండూ శుభ్రంగా ఉంటే చాలామంది తిరిగి ఆటలోకి వస్తారు, ఏడాదికోసారి పరీక్షలు చేయించుకుంటూ. రెండు జఠరికల మధ్య గోడ లోపల మచ్చ ఉన్నా, కసరత్తులో లయ తప్పుతున్నా అది వేరే కథ. అప్పుడు పోటీ పరుగు అనే మాటనే మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది.

కోచ్ సార్‌కు ఒక ఉదాహరణ చెప్పి చూడండి, ఆటల మనిషి కాబట్టి అందుతుంది. బేయర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు అల్ఫాన్సో డేవిస్‌కు 2022 జనవరిలో కోవిడ్ తర్వాత చేసిన చెకప్‌లో మయోకార్డైటిస్ కనిపించింది. స్వల్పమైనదే అన్నారు. అప్పుడు వాడికీ 21 ఏళ్లే. పక్కనే డాక్టర్ల బృందం, కావలసిన స్కానులు, క్లబ్బుకు గెలుపు మీద కోట్ల లాభనష్టాలు. అయినా ఏప్రిల్ దాకా మ్యాచ్ ఆడించలేదు.

విశ్రాంతి అంటే మంచానికి అతుక్కుపోవడం కాదు. చదునైన చోట మాట్లాడుకుంటూ నడవగలిగినంత నడక మంచిదే, కాలేజీకి వెళ్లొచ్చు, ఇంటి మెట్లెక్కొచ్చు. వద్దనేది ఒగర్పు తెప్పించే ప్రతి పనీ. పరుగు ఒక్కటే కాదు, సాయంత్రం ఫ్రెండ్స్‌తో టెన్నిస్ బాల్ క్రికెట్, కబడ్డీ, జిమ్, ఈత కూడా. చెనక్కాయల కాలం కాబట్టి ఇంకొకటి చెప్పాలి: మూటలు ట్రాక్టర్‌కెత్తే పనికి ఆ పిల్లాడిని పిలవొద్దు. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడంతో గుండె మీద పడే ఒత్తిడి పరుగుకు తీసిపోదు. జిమ్ షాపుల్లో అమ్మే ప్రీ వర్కౌట్ పొడులు, ఎనర్జీ డ్రింకులు, మద్యం ఈ నెలల్లో పూర్తిగా బంద్.

మాత్రల విషయంలో ఒక జాగ్రత్త. కాలు బెణికిందనో తలనొప్పి అనో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేసి పంపడం మన ఊళ్లలో మామూలే. ఆ జాతి నొప్పి మందులు, బ్రూఫెన్ కూడా, వైరస్ వాపు ఉన్న ఎలుకల్లో గుండె దెబ్బను పెంచాయి. అందుకని ఈ జబ్బులో వాటిని వీలైనంత దూరం పెడతాం. గుండె పైపొరకు కూడా వాపు ఉన్నప్పుడు కార్డియాలజిస్టు లెక్కచూసి ఇవ్వడం వేరు. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ చాలు. డిశ్చార్జ్‌లో రాసిన గుండె మందులను ఎకో నార్మల్ వచ్చిందని ఆపేయకండి. పంపు బలం తిరిగి రావడంలో వాటి పాత్ర కూడా ఉండి ఉంటుంది.

ఇంట్లోనే చేసుకోదగ్గ ఒక పరీక్ష ఉంది. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయమనండి. మంచి రన్నర్‌కు జబ్బుకు ముందు 50, 55 ఉండి ఉంటుంది. బీటా బ్లాకర్ లేకుండానే అది మెల్లగా పాత అంకెకు దగ్గరవుతుంటే మంచిదే. ఉన్నట్టుండి పది, పదిహేను పెరిగి రెండు మూడు రోజులు అలాగే ఉంటే, మధ్యలో నాడి తప్పుతున్నట్టు వేలికి తగిలితే, డాక్టర్‌కు ఫోన్ చేయాలి. కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడదడలాడటం, ఛాతీనొప్పి మళ్లీ రావడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, పాదాల వాపు, వీటిలో ఏది కనిపించినా ఫోన్లు కూడా వద్దు, 108కి చేసి ఆసుపత్రికే.

అనుమతి వచ్చిన రోజున నేరుగా రేసు వేగానికి పోకూడదు. మొదటి వారం నడక, మధ్యమధ్యలో రెండు నిమిషాల జాగింగ్, మొత్తం ఇరవై నిమిషాలు. రెండో వారం మాట్లాడగలిగే వేగంతో అరగంట. మూడు, నాలుగు వారాల్లో దూరం పెంచడం, వేగం కాదు. ఐదో వారం నుంచి స్ప్రింట్లు, ఇంటర్వెల్స్. ఏ దశలో ఛాతీలో బిగుతు వచ్చినా, మామూలుకంటే ఎక్కువ అలసట రెండో రోజుకూ తగ్గకపోయినా ఒక దశ వెనక్కి, డాక్టర్ దగ్గరికి. మొదటి రెండు నెలలు ఒంటరిగా తెల్లవారుజామున ఎక్కడో రోడ్డు మీద పరిగెత్తొద్దు, నలుగురు ఉన్న గ్రౌండులోనే పరిగెత్తాలి. ఆ నలుగురిలో ఒకరికైనా ఛాతీ నొక్కే సీపీఆర్ వచ్చి ఉండాలి. కోచ్ సార్ ఆ శిక్షణ తీసుకుంటే మీ తమ్ముడికే కాదు, ఆ గ్రౌండుకే మంచిది. మధ్యలో మళ్లీ జ్వరం వస్తే లెక్క అక్కడే ఆపండి, జ్వరం పూర్తిగా తగ్గాక ఈసీజీ, ట్రోపోనిన్ చూసుకునే కొనసాగించాలి.